డీప్ స్లీప్ 21 నిమిషాలు, హెచ్‌ఆర్‌వీ 23: వాచ్ రిపోర్ట్ చూసి టెన్షన్ పడాలా?

రైస్‌మిల్_లెక్కలు (మిర్యాలగూడ)
స్క్రీన్‌షాట్ పెట్టాను. ఫోన్‌లో ఓపెన్ కాని వాళ్ళ కోసం రాస్తున్నా. పడుకున్నది 11:10, లేచింది 5:55. మెలకువ 9 నిమిషాలు, లైట్ 4 గంటల 58 నిమిషాలు, డీప్ 21 నిమిషాలు, రెమ్ 1 గంట 17 నిమిషాలు. నిద్రలో హెచ్‌ఆర్‌వీ 23, రెస్టింగ్ హార్ట్ రేట్ 71. స్కోరు 61, కింద ఎర్ర అక్షరాలతో "మీ శరీరం కోలుకోలేదు" అని. దాదాపు రోజూ ఇదే వరస. నాకు 43 ఏళ్ళు. మా మిల్లులోనే పనిచేసే పిల్లగాడికి 26 ఏళ్ళు, వాడి వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ 74, డీప్ గంటన్నర పైనే. పొద్దున్న టీ తాగేటప్పుడు వాడు నాది చూసి "అన్నా, నీ గుండె పని అయిపోయింది" అని నవ్విండు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పోయినేడాది ఈసీజీ, టూడీ ఎకో చేయించుకుంటే నార్మల్ అన్నారు. మరి ఈ 23 ఏంటి? గుండెకు సంబంధించిందా, నరాలకా? డాక్టర్ దగ్గరికి వాచ్ పట్టుకుని పోతే నవ్వుతారేమోనని ముందు ఇక్కడ అడుగుతున్నా.

పాలమూరు_పిల్లగాడు
అన్నా, తేలిగ్గా తీసుకోకు. హెచ్‌ఆర్‌వీ అంటే గుండె దెబ్బల మధ్య ఎడం ఎంత మారుతుందో అన్నది, అది 50 కంటే తక్కువ ఉంటే రిస్క్ ఎక్కువని పెద్ద స్టడీ ఉంది, 1987లోనే వచ్చింది, గుండెపోటు వచ్చినవాళ్ళ మీద చేసింది. నీది అందులో సగం కూడా లేదు. డీప్ స్లీప్ అయితే మొత్తం నిద్రలో 20 శాతం ఉండాలి, నీకు 5 శాతం. మెగ్నీషియం, అశ్వగంధ మొదలుపెట్టు, రాత్రి ఫోన్ బంద్ చెయ్యి.

ఈతవనం
ముందు అన్న రాత్రి ఏం తాగిండో అడగండి.

బడ్జెట్_బ్యాండ్
ఇది ఏ కంపెనీ వాచ్ అన్నా? రెండు వేల లోపు హెచ్‌ఆర్‌వీ చూపించేది ఏదైనా ఉందా?

తీగల_మనిషి
నాది వనపర్తి దగ్గర ఊరు, పని హైదరాబాద్‌లో ఒక స్లీప్ ల్యాబ్‌లో. రాత్రిపూట జనాల తలకు తీగలు అంటించి, తెల్లారాక ఆ రికార్డు కూర్చుని చదవడం నా డ్యూటీ. అందుకని ఆ 21 నిమిషాల సంగతి నేను చెప్తా.

డీప్ అని మేం రాయాలంటే మెదడు తరంగాలు చూడాలి. రాత్రి మొత్తాన్ని 30 సెకన్ల ముక్కలుగా చేస్తాం. ఒక ముక్కలో కనీసం 6 సెకన్ల పాటు పెద్ద పెద్ద నిదానపు అలలు కనిపిస్తేనే అది డీప్. 5 సెకన్లే ఉంటే కాదు, దాని ముందు దశలోకే పోతుంది. రెమ్ రాయాలంటే కనుగుడ్ల కదలిక, గడ్డం కింద కండరం సడలడం కూడా చూడాలి. దీనికి నెత్తి మీద, కళ్ళ పక్కన, గడ్డం కింద, కాళ్ళకు తీగలుంటాయి. ఇంత ఉన్నా ఒకే రికార్డును ఇద్దరం చదివితే వంద ముక్కల్లో ఎనభై చిల్లర దగ్గరే కలుస్తాం. ఆ డీప్ గీత దగ్గర మాకు మాకే తగువులు.

ఇప్పుడు నీ వాచ్ దగ్గర ఏముంది? పచ్చ లైటుతో చూసిన నాడి, చెయ్యి కదిలిందా లేదా అన్నది. అంతే. మెదడు దానికి కనపడదు. నాడి నిదానంగా, ఒకే తీరున నడుస్తూ చెయ్యి కదలకపోతే "డీప్ అయి ఉంటుంది" అని ఊహిస్తుంది. నాడి కాస్త ఎగుడుదిగుడుగా ఉండి చెయ్యి కదలకపోతే రెమ్ అంటుంది. ఎటూ తేలనిదంతా లైట్‌లో పోస్తుంది. నిద్రపోయావా లేదా అన్నది వాచ్‌లు బాగానే పట్టుకుంటాయి, ఏ దశ అన్న దగ్గరే తడబడతాయి. ల్యాబ్ రికార్డుతో పక్కపక్కన పెట్టి చూస్తే నిజంగా డీప్ ఉన్న చోట లైట్ అని రాయడం చాలా మామూలు.

కాబట్టి 21 నిమిషాలు అంటే నీకు డీప్ 21 నిమిషాలే ఉందని కాదు. గంట ఉండొచ్చు, నిజంగానే తక్కువ కూడా ఉండొచ్చు. ఆ గ్రాఫ్ చూసి నేనైతే చెప్పలేను. 43 ఏళ్ళకు 26 ఏళ్ళంత డీప్ ఉండదు అన్నది మాత్రం ఖాయం, వయసుతో తగ్గుతుంది.

రైస్‌మిల్_లెక్కలు (మిర్యాలగూడ)
మరి రోజూ 20, 25 దగ్గరే ఎందుకు చూపిస్తుంది? ఊహే అయితే ఒకరోజు 20, ఒకరోజు 90 రావాలి కదా.

తీగల_మనిషి
మంచి ప్రశ్న. తూకం రాయి తప్పుగా ఉంటే రోజూ ఒకే తప్పు వస్తుంది కదా, ఇదీ అంతే. నీ నాడి రాత్రంతా 71 చుట్టూ ఉంటే, కిందికి దిగకపోతే, ఆ లెక్క నీకు రోజూ డీప్ తక్కువే ఇస్తుంది. అంటే అక్కడ నిజంగా చూడాల్సింది "నిద్రలో కూడా నాడి ఎందుకు దిగడం లేదు" అన్నది. డీప్ అంకె దాని నీడ మాత్రమే.

పాలమూరు_పిల్లగాడు
అంటే కంపెనీలు కోట్లు పెట్టి తయారుచేసినవన్నీ అబద్ధాలా? నాకు జిమ్ చేసిన రోజు డీప్ పెరుగుతుంది, చేయని రోజు తగ్గుతుంది. నా కళ్ళతో చూస్తున్నా. 1987 స్టడీ సంగతి ఏం చెప్పలేదు మీరు.

తీగల_మనిషి
అబద్ధం అనలేదు తమ్మీ, ఊహ అన్నాను. నీ వాచ్‌లో నిన్న కంటే ఇవ్వాళ పెరిగిందా తగ్గిందా అన్నదానికి కొంత విలువ ఉంది.

నువ్వు చెప్పిన స్టడీ నిజమే. గుండెపోటు వచ్చి బతికిన 800 పైచిలుకు మందికి 24 గంటలు ఛాతీకి గుండె దెబ్బలు రికార్డు చేసే హోల్టర్ మిషన్ కట్టి చేశారు. అందులో 50 కంటే తక్కువ ఉన్నవాళ్ళకు ప్రాణాపాయం ఎక్కువని తేలింది, కరెక్టే. కానీ ఆ 50 ఏ అంకె? రోజంతా, అంటే నడక, తిండి, నిద్ర అన్నీ కలిపి వచ్చిన మొత్తం ఊగిసలాట. దాని పేరు ఎస్‌డీఎన్ఎన్. అన్న వాచ్‌లో ఉన్నది నిద్రలో పక్కపక్క దెబ్బల మధ్య తేడా, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. కొలిచిన వేళ వేరు, కొలిచే సాధనం వేరు, లెక్కే వేరు, పైగా వాళ్ళంతా గుండెపోటు వచ్చినవాళ్ళు. ఆ 50ని తెచ్చి ఈ 23 మీద పెట్టడం కుదరదు. 40 దాటినవాళ్ళలో ఏ జబ్బూ లేకుండా 20ల్లో ఉండేవాళ్ళు బోలెడుమంది.

ఇంకోటి. ఆపిల్ వాచ్ చూపేది ఎస్‌డీఎన్ఎన్, ఫిట్‌బిట్, గార్మిన్ చూపేది ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. రెండిటికీ యాప్‌లో పేరు మాత్రం హెచ్‌ఆర్‌వీనే. మిల్లు పిల్లగాడి వాచ్ ఏదో తెలియకుండా 74 పక్కన 23 పెట్టి నవ్వుకోవడంలో అర్థం లేదు.

రైస్‌మిల్_లెక్కలు (మిర్యాలగూడ)
వాడిది వేరే కంపెనీదే.

ఈతవనం
అయిపాయె. కిలోలతో క్వింటాళ్ళకు పోటీ పెట్టిండ్రు. మిల్లులో పనిచేసేటోళ్ళే గిట్ల చేస్తే ఎట్ల.

లెక్కల_సారు
రిటైరైన లెక్కల మాస్టారిని, దేవరకొండ. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ అని పేరు భయపెడుతుంది గానీ ఎనిమిదో తరగతి లెక్క. నిన్న కూర్చుని వేశాను.

గుండె రెండు దెబ్బల మధ్య ఎడం మిల్లీసెకన్లలో వరుసగా 900, 930, 890, 920 అనుకోండి. పక్కపక్కవాటి తేడాలు 30, 40, 30. వాటి వర్గాలు 900, 1600, 900. కూడితే 3400, మూడుతో భాగిస్తే 1133 చిల్లర, వర్గమూలం తీస్తే 34కు కాస్త తక్కువ. అంటే యాప్‌లో 34 అని వస్తుంది.

ఇప్పుడు వాచ్ పట్టీ వదులుగా ఉండి మధ్యలో ఒక్క దెబ్బ అందలేదనుకుందాం. 930, 890 కలిసిపోయి ఒకే ఎడంగా 1820 కనిపిస్తుంది. అటు తేడా 920, ఇటు తేడా 900. వర్గాలు వేస్తే రెండూ ఎనిమిది లక్షలు దాటుతాయి. అయిదు నిమిషాల్లో ఓ 300 తేడాలు ఉండి, మిగతా 298 మామూలుగానే ఉన్నా, ఈ రెండు కలిస్తే జవాబు 34 కాదు, 81 దాటుతుంది! ఒక్కటే దెబ్బ అందలేదు, అంకె రెండింతల కంటే ఎక్కువైంది. వర్గం చేయడం వల్ల పెద్ద తప్పు ఇంకా పెద్దదవుతుంది. అందుకే ఒక్క రాత్రి అంకెను నేనైతే నమ్మను.

తీగల_మనిషి
సారు కరెక్టుగా వేశారు. మంచి వాచ్‌లు అలాంటి అసాధ్యపు ఎడాలను ముందే వడగట్టి పారేస్తాయి, కానీ ఎంత గట్టిగా వడగడతాయో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. పట్టీ మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారకుండా, మరీ బిగించకుండా ఉండాలి. చర్మం మీద అచ్చు పడితే ఎక్కువ బిగించినట్టు. అంకె ఒక్కసారిగా పెరిగినా సంబరపడొద్దు, అక్కడా ఇదే సంగతి.

నాగర్‌కర్నూల్_నడక
ఆ చివరి మాట మా ఇంట్లో జరిగింది. నాన్నకు 68. ఆయన వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ 30 చుట్టూ ఉండేది, ఉన్నట్టుండి 120, 140 రావడం మొదలైంది. యాప్ పచ్చ రంగులో మెచ్చుకుంటుంది. మా తమ్ముడేమో నాన్న రోజూ చెరువు కట్ట మీద నడుస్తున్న ఫలితం అన్నాడు. నాన్న మాత్రం మెట్లెక్కితే ఆయాసం వస్తుందని చెప్తూనే ఉన్నారు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. దెబ్బల మధ్య ఎడాలు గందరగోళమైతే లెక్క ప్రకారం హెచ్‌ఆర్‌వీ "పెరుగుతుంది" అని అప్పుడు చెప్పారు. ఇప్పుడు రక్తం పలచబడే మందు వాడుతున్నారు.

బడ్జెట్_బ్యాండ్
అంటే తక్కువ ఉన్నా భయమే, ఎక్కువ ఉన్నా భయమే. మరి ఇది కొనడం దేనికి?

నాగర్‌కర్నూల్_నడక
భయం కాదు. మనిషి ఆయాసం అంటుంటే యాప్ పచ్చరంగు చూపించినా మనిషి మాటే వినాలని చెప్తున్నా.

రాత్రిడ్యూటీ_జడ్చర్ల
నేను ఫార్మా కంపెనీలో షిఫ్టుల్లో చేస్తా. నైట్ వారంలో పొద్దున 8కి పడుకుని మధ్యాహ్నం 2కి లేస్తా. నా వాచ్ దాన్ని అసలు నిద్రగానే లెక్కపెట్టదు, "కునుకు" అని రాస్తుంది, దశలు చూపించదు. ఆ వారమంతా స్కోరు ఉండదు. డే షిఫ్టు రాగానే "వారం రోజులుగా మీకు నిద్ర చాలలేదు" అని పొద్దున్నే సతాయిస్తుంది. సెట్టింగ్‌లో నిద్ర వేళ మారిస్తే కొంచెం నయం. అయినా నైట్ వారంలో హెచ్‌ఆర్‌వీ నాలుగైదు పడిపోవడం మాత్రం ప్రతిసారీ గమనించా.

పాలమూరు_పిల్లగాడు
చూశారా, హెచ్‌ఆర్‌వీ పనికొస్తుందని నేను ముందే అన్నా.

ఈతవనం
నేనూ ఒకటి చెప్తా, నిజంగా. ఆదివారం బావమరిది వాళ్ళ ఊర్లో సాయంత్రం ఈత కల్లు, రాత్రి మేక కూర. ఆ రాత్రి రెస్టింగ్ హార్ట్ రేట్ ఎప్పుడూ ఉండేదానికంటే పది ఎక్కువ, హెచ్‌ఆర్‌వీ సగం. నిద్ర మాత్రం మొద్దునిద్ర పట్టింది, ఏడు గంటలు లేవలేదు. వాచ్ ఏమో శరీరం కోలుకోలేదంటుంది, నేనేమో మస్తు కోలుకున్న అంటున్నా. ఎవరిది నిజం?

తీగల_మనిషి
ఇద్దరిదీ కొంత కొంత. మందు, కల్లు తాగితే నిద్ర తొందరగా పడుతుంది, కానీ రాత్రి సగం దాకా గుండె వేగంగానే ఉంటుంది. పైగా ఆలస్యంగా మేక కూర. ఇలాంటి చోట వాచ్ బాగానే పట్టుకుంటుంది, జ్వరం వచ్చే ముందు రోజు కూడా పట్టుకుంటుంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. మన నల్లగొండ వైపు మే నెలలో కరెంటు పోయి కూలర్ ఆగితే కూడా సరిగ్గా ఇదే గ్రాఫ్ వస్తుంది. కల్లు, జ్వరం, ఉక్కపోత, అప్పులోడి ఫోను, అన్నిటికీ ఒకటే ఎర్ర గీత.

కందిచేను
నాకు బీపీకి మెటోప్రొలోల్ రాశాక రెస్టింగ్ హార్ట్ రేట్ 78 నుంచి 62కు వచ్చింది, హెచ్‌ఆర్‌వీ కూడా పెరిగింది. యాప్ "మీ ఫిట్‌నెస్ మెరుగుపడింది" అంది. నేను ఒక్క అడుగు కూడా ఎక్కువ నడవలేదు. గోలీ పని అది.

సూర్యాపేట_అక్క
ఇన్ని అంకెలు మాట్లాడారు గానీ ఒక్కరూ అన్నను అసలు సంగతి అడగలేదు. తమ్ముడూ, రాత్రి గురక పెడతావా? పగలు కూర్చున్న చోట కునుకు పడుతుందా?

ఎందుకు అడుగుతున్నానంటే, మా ఆయన వాచ్‌లో నిద్ర స్కోరు ఎప్పుడూ 85 పైనే. పడుకోగానే నిద్ర, మెలకువ అయిదు నిమిషాలు, అంతా బంగారం. పక్కన పడుకునే నాకు తెలుసు ఆ బంగారం. గురక, గురక, గురక, ఒక్కసారి నిశ్శబ్దం, నేను లేచి కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. మళ్ళీ గట్టిగా ఊపిరి పీల్చి అటు తిరిగి పడుకునేవాడు. అడిగితే ఫోన్ తీసి స్కోరు చూపించేవాడు. కోదాడ దగ్గర కారు నడుపుతూ కునికి డివైడర్‌కు రాసుకున్నాకే టెస్టుకు ఒప్పుకున్నాడు. స్లీప్ అప్నియా అన్నారు, గంటకు 40కి పైగా ఊపిరి అడ్డంకులు. ఇప్పుడు సీపాప్ అని మాస్కులోంచి గాలి పంపే మిషన్ పెట్టుకుని పడుకుంటాడు.

రైస్‌మిల్_లెక్కలు (మిర్యాలగూడ)
అక్కా, గురక అంటే మా ఇంట్లో పెద్ద లొల్లే. మా ఆవిడ, పాప పక్క గదిలో పడుకుంటారు, రెండేళ్ళైంది. మధ్యాహ్నం మూడింటికి లెడ్జర్ ముందు కూర్చుంటే తల వాలిపోతుంది, భోజనం వల్ల అనుకున్నా. పొద్దున్న లేవగానే నోరు ఎండిపోయి ఉంటుంది, తల బరువు. రాత్రి రెండు సార్లు బాత్రూంకు లేస్తా. షుగర్ చూపించుకున్నా, లేదు. బీపీ 140/90 దగ్గర ఉంటుంది, ఉప్పు తగ్గించమన్నారు. బరువు 91 కిలోలు, కాలర్ సైజు 42.

తీగల_మనిషి
అన్నా, ఈ నాలుగు లైన్లు నీ స్క్రీన్‌షాట్ కంటే ఎక్కువ చెప్పాయి.

ఇప్పుడు నీ గ్రాఫ్ మళ్ళీ చూడు. రెండు సార్లు బాత్రూంకు లేస్తానంటున్నావు, మెలకువ మొత్తం 9 నిమిషాలే ఉంది. ఆ రెండు సార్లకే దాదాపు సరిపోతుంది. అంటే మిగతా రాత్రంతా నిద్ర ఒక్కసారి కూడా చెదరలేదని వాచ్ చెప్తున్నట్టు. అది నమ్మదగ్గదేనా? గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగినప్పుడు మెదడు కొన్ని సెకన్లు మేలుకుని గొంతు తెరిపించి మళ్ళీ నిద్రలోకి పోతుంది. ల్యాబ్‌లో మేం 3 సెకన్ల మెలకువను కూడా గుర్తు పెడతాం. నీకు అది గుర్తుండదు, చెయ్యి కదలకపోతే వాచ్‌కూ తెలియదు. గంటకు 30 సార్లు అలా చెదిరినా గ్రాఫ్‌లో అది లైట్ స్లీప్‌గానే పడుతుంది. అక్క వాళ్ళాయనకు 85 వచ్చింది కూడా అందుకే.

ఇంతకుముందు అన్నాను కదా నాడి ఎందుకు దిగడం లేదని. ఊపిరి ఆగినప్పుడల్లా నాడి నిదానించి, తెరుచుకోగానే ఎగురుతుంది. రాత్రంతా ఆ తొక్కిసలాట ఉంటే రెస్టింగ్ రేటు పైనే ఉంటుంది, డీప్ కూడా నిజంగానే తగ్గొచ్చు. నీకు ఇదే ఉందని నేను అనడం లేదు, వాచ్ బొమ్మ చూసి ఎవరూ అనకూడదు. కానీ గురక, పగటి కునుకు, బీపీ, మెడ చుట్టుకొలత, ఇవన్నీ ఉంటే టెస్టు అడగడానికి వాచ్ అవసరమే లేదు. ఊపిరితిత్తుల డాక్టర్‌నో ఈఎన్‌టీనో కలువు. కొత్త వాచ్‌లు కొన్నింటిలో ఊపిరి అడ్డంకుల హెచ్చరిక కూడా వస్తోంది, ఆపిల్, శాంసంగ్‌లకు అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. అవి కూడా "వెళ్ళి చూపించుకో" అనడానికే, జబ్బు నిర్ధారణకు కాదు. హెచ్చరిక రాలేదంటే జబ్బు లేదనీ కాదు.

టెస్టు అయ్యేదాకా బండి మీద దూరం పోవద్దు, నిద్ర వచ్చే వేళ అసలే వద్దు.

పాలమూరు_పిల్లగాడు
బరువు తగ్గితే అన్నీ పోతాయి కదా, ముందు అది చెయ్యమనండి. మా మామకు పది కిలోలు తగ్గాక గురక పోయింది.

సూర్యాపేట_అక్క
తగ్గితే మంచిదే. కానీ పది కిలోలు తగ్గేలోపు ఎన్నిసార్లు కారు నడపాలి తమ్మీ? రెండూ చేయాలి. ఇంకో సంగతి, సన్నగా ఉన్నవాళ్ళకు కూడా వస్తుంది ఇది, మా ఆయన 68 కిలోలే.

కందిచేను
నా సలహా అయితే ఆ వాచ్ రాత్రి తీసి పక్కన పెట్టు. లేవగానే అంకె చూసి ఆ రోజు అలసిపోయానని అనుకోవడం కూడా ఒక జబ్బే.

లెక్కల_సారు
దానికి పేరు కూడా పెట్టారు, 2017లో అమెరికా స్లీప్ డాక్టర్లు. వాచ్ స్కోరు బాగా రావాలని మంచం మీద ఎక్కువసేపు పడి ఉండి, ఉన్న నిద్ర కూడా చెడగొట్టుకున్నవాళ్ళ కేసులు రాశారు. ల్యాబ్‌లో మామూలుగానే ఉందని చెప్పినా వాళ్ళు వాచ్‌నే నమ్మారట. అయినా నేను తీసేయమనను. పడుకున్న వేళ, లేచిన వేళ రాసిపెట్టే పని అది బాగా చేస్తుంది.

రైస్‌మిల్_లెక్కలు (మిర్యాలగూడ)
నల్లగొండలో డాక్టర్‌ను కలిసి ఇంట్లో చేసే టెస్టు చేయించా. ముక్కుకు సన్న గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు. ఒక రాత్రి పెట్టుకుని పడుకుంటే చాలన్నారు. సగం రాత్రి ఆ క్లిప్పు ఎర్ర వెలుగు చూస్తూనే ఉన్నా. రిపోర్టులో రికార్డు అయింది 6 గంటల 45 నిమిషాలు, అడ్డంకులు మొత్తం 74, ఏహెచ్ఐ 11 అని ఉంది. "మైల్డ్" అని రాశారు. ఆక్సిజన్ ఒకసారి 84కు పడింది. మైల్డ్ అంటే వదిలేయొచ్చా? డాక్టర్ అపాయింట్‌మెంట్ గురువారం.

పాలమూరు_పిల్లగాడు
మైల్డే కదా, నేను చెప్పింది అదే. బరువు తగ్గు, పక్కకు తిరిగి పడుకో, అయిపోతుంది.

తీగల_మనిషి
5 నుంచి 15 లోపు మైల్డ్, 15 నుంచి మోడరేట్, 30 నుంచి సివియర్. అంకె ప్రకారం మైల్డే. కానీ ఆ 11 ఎలా వచ్చిందో చూడు. 74ను 6.75 గంటలతో భాగించారు, అంటే మిషన్ ఆన్‌లో ఉన్న మొత్తం సమయంతో. ఇంటి టెస్టులో తలకు తీగలు లేవు కాబట్టి నువ్వు ఎప్పుడు నిద్రపోయావో దానికీ తెలియదు. క్లిప్పు చూస్తూ సగం రాత్రి గడిపానంటున్నావు. నిజంగా పడుకున్నది 5 గంటలే అయితే, అవే 74ను 5తో భాగిస్తే 14.8. గీతకు ఆనుకుని ఉంది. పైగా ఆక్సిజన్ అంతగా పడకుండా నిద్ర మాత్రం చెదరగొట్టే అడ్డంకులను ఇంటి టెస్టు పట్టుకోదు. అవి ఈ 74లో లేవు.

ఇదంతా నీకు మోడరేట్ ఉందని చెప్పడానికి కాదు. "మైల్డ్" అన్న మాట చూసి ఇంటికి వచ్చేయకు, పగటి కునుకు, బీపీ, పక్క గది సంగతి కూడా డాక్టర్‌కు చెప్పు. రిపోర్టులో వెల్లకిలా పడుకున్నప్పుడు ఎన్ని, పక్కకు తిరిగినప్పుడు ఎన్ని అని విడిగా ఉంటుంది, అది అడుగు. వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువైతే పిల్లగాడు చెప్పిన పక్కకు తిరిగి పడుకోవడం నిజంగానే పనికొస్తుంది. సీపాపా, దవడ ముందుకు పట్టే క్లిప్పా, ల్యాబ్‌లో ఇంకో రాత్రా అన్నది డాక్టర్ తేలుస్తారు.

రైస్‌మిల్_లెక్కలు (మిర్యాలగూడ)
రిపోర్టులో పొజిషన్ కాలమ్ ఉంది, వెల్లకిలా 58, పక్కకు 16. కానీ వెల్లకిలా ఎంతసేపు ఉన్నానో రాయలేదు. వాచ్ గ్రాఫ్ కూడా చూపించాలా?

లెక్కల_సారు
ఎంతసేపో తెలియకుండా 58కి, 16కి పోలిక లేదు. రాత్రంతా వెల్లకిలానే పడుకుంటే 58 ఎక్కువేం కాదు.

తీగల_మనిషి
సారు అన్నది నిజం, ఆ గంటలు ల్యాబ్ వాళ్ళ దగ్గర ఉంటాయి, ఫోన్ చేసి అడుగు. వాచ్‌లో దశల రంగుల బొమ్మ చూపించకు, దానితో టైం పోతుంది. మూడు నెలల రెస్టింగ్ హార్ట్ రేట్ గీత, పడుకునే వేళలు ఒక స్క్రీన్‌షాట్ తీసి ఉంచు, అడిగితే చూపించు. రేపు చికిత్స మొదలైతే ఆ గీత దిగుతుందా లేదా అన్నది నీకే కనపడుతుంది, అప్పుడు ఆ వాచ్‌కు పని.

రాత్రిడ్యూటీ_జడ్చర్ల
ఇది చదివాక నాకూ డౌట్ వచ్చింది, రూమ్‌మేట్ గురక అంటాడు. నైట్ షిఫ్టు వారంలో ఇంటి టెస్టు పగలు పెట్టుకోవచ్చా, రాత్రే పెట్టుకోవాలా?

తీగల_మనిషి
నువ్వు ఎప్పుడు నిద్రపోతావో అప్పుడే. ఇచ్చేవాళ్ళకు షిఫ్టు సంగతి ముందే చెప్పు, లేకపోతే మిషన్ రాత్రి 10కి ఆన్ అయ్యేలా సెట్ చేసి ఇస్తారు, నువ్వు డ్యూటీలో ఉండగా రికార్డు అయిపోతుంది. వీలైతే డే షిఫ్టు వారంలో కుదిరిన నిద్ర మీద చేయించుకో.